"అబ్బో, దొరగారికి తీరిక దొరికిందా!" - ఈ గారాన్ని సూటిమనిషికి ఎలా చెప్పాలి?

సాహితి: అడగనా వద్దా అని ఊగిసలాడి అడుగుతున్నా. నాకు ఒకబ్బాయి నచ్చాడు. "నాకు వెటకారం అర్థం కాదు, ఏదున్నా సూటిగా చెప్పు" అని ముందే చెప్పాడు. మొన్న కొన్నాళ్లు మాయమై మెసేజ్ పెడితే, "అబ్బో, దొరగారికి ఇప్పుడు తీరిక దొరికిందా!" అన్నాను. "సారీ, పని ఎక్కువైంది. ఇకనుంచి ఆలస్యమైతే ముందే చెప్తాను" అన్నాడు. అప్పట్నుంచీ మాటలు పొడిపొడిగా ఉన్నాయి. నేనన్నది గారంగానే. దెప్పినట్టు లేకుండా ఆ గారం ఎలా తేవాలి?

రమణమూర్తి: ఇది వ్యాజస్తుతి జాతి మాట అమ్మా. పైకి ఒకటి, లోపల దానికి ఎదురుది. మీ వాక్యంలో ఇంకో మడత కూడా ఉంది: పైకి "దొరగారు" అనే గౌరవం, దాని కింద దెప్పు, ఆ దెప్పు కింద ఇష్టం. ఎదురుగా ఉంటే గొంతులోని కాకువు, అంటే మాట పలికే తీరు, ఆ మడతలు విప్పుతుంది. మెసేజ్‌లో గొంతు ఉండదు కదా. అతను రెండో మడత దగ్గరే ఆగిపోయాడు.

కిరణ్: దీనికింత శాస్త్రం ఎందుకండీ, చివర ఒక నవ్వు బొమ్మ పెడితే సరిపోయేది.

మాధవి: సగమే నిజం కిరణ్ గారూ. నేనూ ఆ అబ్బాయిలాంటి మనిషినే. మామూలు మాట పక్కన ఆ బొమ్మ ఉంటే హాయిగానే ఉంటుంది. దెప్పు పక్కన ఉంటేనే టెన్షన్. కోపం దాచుకునేవాళ్లు కూడా అదే బొమ్మ పెడతారు. ఏది నిజమో తేల్చుకోలేక నేను కూడా సారీ చెప్పేసి ఊరుకుంటాను.

సుబ్బలక్ష్మి: మా ఆయనా ఇంతే! "ఈ ఫొటోలో బాగున్నానా" అంటే "కళ్లు మూసుకున్నావు" అంటారు. ఇలాంటివాళ్లకి మెల్లమెల్లగా వెటకారం అలవాటు చెయ్యాలమ్మా, అదే దారికొస్తుంది.

సాహితి: అతన్ని మార్చాలని కాదండీ, నా మాట మార్చుకుందామని అడుగుతున్నా.

రమణమూర్తి: అయితే ఒక తేడా పట్టుకోండి. అతిశయోక్తి మాటను పెంచుతుందే గానీ దిశ మార్చదు. "నీ మెసేజ్ కోసం యుగాలుగా చూస్తున్నా" అంటే, అక్షరాలా తీసుకున్నా "ఎదురుచూసింది" అన్నదైనా మిగులుతుంది. వెటకారం దిశనే తిప్పేస్తుంది. మీ మాటలో ఇష్టం అందకపోతే దెప్పు ఒక్కటే మిగులుతుంది. పంపేముందు ఆ మిగిలేదేమిటో చూసుకుంటే చాలు.

కిరణ్: అంటే నవ్వులాటే వద్దంటారా? దరఖాస్తు రాసినట్టు ఉంటుందేమో!

మాధవి: సూటిగా మాట్లాడేవాళ్లకి హాస్యం ఉండదని ఎవరన్నారు? నన్నొకరు "నేను గుర్తొచ్చానా?" అని అడిగారు. "వచ్చావు" అన్నాను. "ఎంత?" అంటే "మంగళవారం కొంచెం, బుధవారం బాగా, గురువారం పనే సాగలేదు" అన్నాను. దానికి ఆయన "గురువారం అంటే నాకిష్టం" అన్నారు. ఇద్దరం పడిపడి నవ్వాం. అందులో ఒక్క మాట కూడా తిప్పి చెప్పింది కాదు.

సాహితీ, మీరైతే ముందు మొన్నటి ముడి విప్పండి: "మొన్న దొరగారు అన్నది కోపంతో కాదు. నువ్వు గుర్తొస్తున్నావు, ఆ మాట చెప్పడం చేతకాక అలా అన్నాను." తర్వాత అతనిలో మీరు చూసిన ఒక్క సంగతి చెప్పండి. "నువ్వు గ్రేట్" అంటే దేనికని ఆలోచనలో పడతాం.

సాహితి: "నేనెప్పుడో మాటవరసకి అన్న పుస్తకం పేరు గుర్తుపెట్టుకుని అడిగావు చూడు, అది నాకు చాలా నచ్చింది." ఇలాగా?

మాధవి: సరిగ్గా అలాగే. ఇంకొకటి, "ఎప్పుడైనా కలుద్దాంలే" అనకండి. ఆ "లే" చూస్తే మీకు పెద్దగా పట్టింపు లేదనుకుంటాడు. "శనివారం సాయంత్రం కలుద్దామా? స్నేహం కన్నా ఎక్కువ ఇష్టంతోనే అడుగుతున్నా. కుదరదన్నా, వద్దన్నా చెప్పెయ్, అలగను" అనండి.

రమణమూర్తి: చివరి మాటతో నాకు పేచీ ఉంది. అలగనని ముందే మాటిస్తే ఎలా? అలక వస్తే అది అబద్ధమవుతుంది కదా.

మాధవి: అయితే "నీ మీద కోపం పెట్టుకోను" అనండి. అది మన చేతిలో ఉంది.

కిరణ్: అయినా "స్నేహం కన్నా ఎక్కువ" అప్పుడేనా? కొంచెం సస్పెన్స్ ఉండాలి కదండీ.

మాధవి: సస్పెన్స్ మీకు సరదా, నాకు రాత్రంతా నిద్ర పట్టదు. అతనెలాంటివాడో మరి.

సాహితి: దొరగారి సంగతీ, పుస్తకం సంగతీ ఇప్పుడే పంపేశాను. శనివారం మాట మాత్రం అతని జవాబు చూశాకే. అందులో "స్నేహం కన్నా" ఉంచాలో తీసెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.