హాజరు యంత్రం కోసం హెచ్ఆర్ పంపిన సమ్మతి పత్రంపై సంతకం చేయవచ్చా?

హారిక:
నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మేము సుమారు 180 మందిమి ఉన్నాము. ఇంతకాలం వేలిముద్ర యంత్రంలో హాజరు వేసుకునేవాళ్లం. వచ్చే నెల నుంచి దాని స్థానంలో ముఖాన్ని గుర్తించే యంత్రం వస్తుందని, వెండరు కూడా మారుతున్నాడని చెప్పి హెచ్ఆర్ వారు అందరికీ ఒక సమ్మతి పత్రం పంపారు. అందులో ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "నా బయోమెట్రిక్ మరియు వ్యక్తిగత సమాచారాన్ని సంస్థ, దాని అనుబంధ సంస్థలు, వ్యాపార భాగస్వాములు ఏ అవసరానికైనా, ఎంతకాలమైనా వాడుకొనుటకు అంగీకరించుచున్నాను."

ఇది చాలదన్నట్టు, ఈ మధ్యనే హెచ్ఆర్‌లో ఒకరు విభాగాధిపతుల వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ షీట్ పెట్టారు. ఎవరు ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చారో చూపించడమే దాని ఉద్దేశం, కానీ పక్క కాలమ్‌లలో అందరి ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. నేను సంతకం చేయనని అనవచ్చా? అలా అంటే జీతం ఆపుతారా? పాత యంత్రంలో ఉన్న మా వేలిముద్రలు ఏమవుతాయి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

రమణారావు:
అమ్మా, ఇందులో భయపడవలసింది ఏమీ లేదు. ప్రైవేటు కంపెనీలు బయోమెట్రిక్ తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. సంతకం చేయనని రాసిచ్చేయండి, వారే వెనక్కి తగ్గుతారు.

శ్యామల:
రమణారావు గారూ, మీరు చెప్పిన తీర్పు నిజమే కానీ అది ఈ యంత్రానికి వర్తించదు. 2018 సెప్టెంబరు 26న వచ్చిన ఆ తీర్పు ఆధార్ గురించినది. ఆధార్ చట్టంలోని 57వ సెక్షన్‌ను పట్టుకొని ప్రైవేటు సంస్థలు ఆధార్ ద్వారా మనుషులను ధ్రువీకరించుకోవడాన్ని కోర్టు కొట్టివేసింది. హారిక గారి ఆఫీసు గోడకున్న యంత్రం ఆధార్ డేటాబేసు జోలికి పోదు. చేరిన రోజున తానే వేలు నమోదు చేసుకొని, ఆ తర్వాత ప్రతిరోజూ తన దగ్గరున్న నమూనాతోనే పోల్చుకుంటుంది. కాబట్టి ఆ తీర్పును నమ్ముకొని "ఇవ్వను" అని రాసిస్తే మీ ఉత్తరం నిలబడదు.

హారిక గారూ, నేను చాలా ఏళ్లు హెచ్ఆర్‌లోనే పనిచేశాను కనుక వారు ఎలా ఆలోచిస్తారో చెప్పగలను. మీకు ఇప్పుడు పనికివచ్చేది 2011లో ఐటీ చట్టం కింద వచ్చిన నిబంధనలు. బయోమెట్రిక్ సమాచారం, బ్యాంకు ఖాతా వివరాలు రెండింటినీ అవి సున్నితమైన సమాచారంగా పేర్కొన్నాయి. వాటిని తీసుకోవడానికి ముందు రాతపూర్వక సమ్మతి ఉండాలి, చెప్పిన అవసరానికే వాడాలి, ఆ అవసరం తీరాక ఉంచుకోకూడదు. బయటివారికి ఇవ్వాలంటే మీ ముందస్తు అనుమతి కావాలి, లేదా మీరు చేసుకున్న ఒప్పందంలోనే అందుకు ఒప్పుకొని ఉండాలి. మీ పత్రంలోని ఆ వాక్యం ఎందుకు వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. రేపు ఎవరికి ఇచ్చినా "మీరు ముందే ఒప్పుకున్నారు కదా" అని చూపించడానికే అది రాశారు. అందుకే దాన్ని అలాగే వదిలేసి సంతకం చేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

అయితే పూర్తిగా నిరాకరించమని కూడా నేను చెప్పను. సమాచారం ఇవ్వకుండా ఉండే అవకాశం మీకు ఉందని ఆ నిబంధనలే చెబుతాయి గానీ, ఇవ్వనివారికి ఆ సమాచారంతో ముడిపడిన సేవను ఆపుకునే వీలును కూడా సంస్థకు ఇస్తాయి. చేసిన పనికి జీతం ఆపడం అందులోకి రాదనే నా గట్టి అభిప్రాయం. అయినా ఆ వాదన మీరు ఒంటరిగా మోయడం కంటే, సమ్మతి పరిధిని కుదించి సంతకం చేయడం మేలు.

ఎలా కుదించాలంటే, ముందుగా ఒక తేడా మనసులో పెట్టుకోండి. మీరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు వెళ్లారు అన్నది హాజరు రికార్డు. మీ వేలి నుంచో ముఖం నుంచో యంత్రం తయారుచేసుకున్న టెంప్లేటు వేరే వస్తువు. హాజరు రికార్డును సంస్థ కొన్నేళ్లు ఉంచవలసిందే, అది మీకు కూడా అవసరం. వేతనాల కోడ్ ప్రకారం బకాయి జీతం కోసం 3 ఏళ్ల లోపు క్లెయిమ్ వేయవచ్చు, అప్పుడు ఆ పంచ్ సమయాలే మీ సాక్ష్యం. టెంప్లేటుకు అలాంటి అవసరం ఏదీ లేదు. మీరు ఆఖరిసారి పంచ్ చేసిన రోజుతో దాని పని అయిపోతుంది. "లేబర్ చట్టం ప్రకారం రికార్డులు ఉంచాలి" అని హెచ్ఆర్ చెప్పినప్పుడు ఈ రెండింటినీ కలిపి చెబుతారు, అక్కడ విడదీసి అడగండి.

నేనైతే ఈమెయిల్‌లో ఇలా రాస్తాను: "హాజరు నమోదు, జీతం లెక్కింపు కోసం మాత్రమే నా ముఖ టెంప్లేటు వాడటానికి అంగీకరిస్తున్నాను. దానిని హాజరు వెండరుకు తప్ప మరెవరికీ ఇవ్వరాదు. నేను ఉద్యోగం మానిన తర్వాత 30 రోజులలోపు యంత్రం, సాఫ్ట్‌వేరు, బ్యాకప్‌ల నుంచి తొలగించి నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు. పాత యంత్రంలోని నా వేలిముద్ర టెంప్లేటును కూడా ఇదే విధంగా తొలగించగలరు." ఈ 30 రోజులు చట్టంలో ఉన్న గడువు కాదు, నేను వేసిన సహేతుకమైన అంచనా. దీన్ని హెచ్ఆర్‌కే కాక, సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా పంపండి. ఆ అధికారి పేరు, వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి. అందిన ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి.

వాట్సాప్ షీటు సంగతి వేరు. విభాగాధిపతులు బయటివారు కారు కనుక "ఇతరులకు ఇచ్చారు" అన్న వాదన గట్టిది కాదు. కానీ జీతం వేయడానికి తీసుకున్న ఖాతా నంబరును ఆలస్యాల పట్టికలో చూపించడం, తీసుకున్న అవసరానికి మించి వాడటమే. ఆధార్ నంబరు 2011 నిబంధనల జాబితాలో లేదు, దానికి దాని సొంత చట్టం ఉంది. పీఎఫ్ యూఏఎన్ కోసం ఆధార్ ఇవ్వక తప్పదు గానీ, హాజరు షీటులో దానికి ఏ పనీ లేదు. ఆ షీటును గ్రూపులో తొలగించమని, ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవారు కూడా తీసివేసినట్టు తెలపమని అడగండి.

శైలజ:
మా దగ్గర ఇంకో సమస్య ఉంది. నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ద్రావకాలతో పని కాబట్టి వేలి చర్మం అరిగిపోయి, యంత్రం చాలాసార్లు వేలు తీసుకోదు. ఆ రోజు సగం జీతం కోస్తున్నారు. నా వేలిముద్ర ఎవరికి ఇస్తారన్నది తర్వాత, ముందు అది పడితే చాలు అన్నట్టుంది మా పరిస్థితి. దీనికి ఏమైనా చేయవచ్చా?

నరసింహులు:
శైలజ గారూ, నేను హాజరు యంత్రాలు బిగించే పని చేస్తాను. మీలాంటి వారికి వేరే వేలు, అదీ రెండు మూడు వేళ్లు, నమోదు చేయమని అడగండి. చాలా యంత్రాలు కార్డుతో గానీ, నంబరు, పాస్‌వర్డుతో గానీ పంచ్ తీసుకుంటాయి. ఆ సెట్టింగు మార్చడం మాకు క్షణాల పని. వేలు పడని ప్రతిసారీ అదే రోజు సూపర్‌వైజరు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, దాని ఫోటో ఉంచుకోండి.

హారిక గారికి: యంత్రంలో సాధారణంగా వేలి బొమ్మ ఉండదు. గీతలు ఎక్కడ చీలాయి, ఎక్కడ ఆగాయి అన్న కొలతలతో తయారైన టెంప్లేటు ఉంటుంది. ముఖం యంత్రాలు అలా కాదు. వాటిలో చాలా వరకు పంచ్ చేసిన ప్రతిసారీ ఒక ఫోటో కూడా తీసి దాచుకునే సెట్టింగు ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా అడగండి.

తొలగింపులో జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. హెచ్ఆర్ వారు యంత్రం మెనూలోకి వెళ్లి ఉద్యోగిని డిలీట్ చేసి పని అయిందనుకుంటారు. కానీ టెంప్లేటు కాపీ ఒకటి హాజరు సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరులోనో సర్వరులోనో ఉంటుంది. ఎవరైనా మళ్లీ అందరు యూజర్లనూ యంత్రంలోకి ఎక్కిస్తే తీసేసిన మనిషి కూడా తిరిగి వచ్చేస్తాడు. మానేసిన ఉద్యోగి ఒకరు పని మీద ఆఫీసుకు వచ్చి వేలు పెడితే యంత్రం పేరు చెప్పి పలకరించిన సందర్భం నేను చూశాను. అందుకని యంత్రంలో యూజర్ల జాబితా, సాఫ్ట్‌వేరులో ఉద్యోగుల జాబితా రెండింటిలోనూ మీ ఉద్యోగి నంబరుతో వెతికించండి. సాఫ్ట్‌వేరులో మీ పేరు, పాత పంచ్‌లు ఉండవచ్చు, కానీ వేలు ఉన్నట్టు చూపే గడి ఖాళీగా ఉండాలి. పాత యంత్రాన్ని వెండరు ఎక్స్ఛేంజిలో తీసుకుపోతుంటే, పంపేముందు డేటా అంతా చెరిపించండి. యూఎస్‌బీ పెట్టి యూజర్ల డేటా మొత్తం కాపీ చేసుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. అడ్మిన్ పాస్‌వర్డు పెట్టని యంత్రాలు కూడా బోలెడు చూశాను.

రమణారావు:
శ్యామల గారూ, ఆధార్ తీర్పు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఉద్యోగులను సంప్రదించకుండా బయోమెట్రిక్ హాజరు పెట్టినా చట్టవిరుద్ధం కాదని చెప్పిందని చదివాను. అలాంటప్పుడు ఈ సమ్మతి పత్రాలన్నీ ఎందుకు?

శ్యామల:
అది ఒడిశాలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం గురించిన కేసు. ఆ పద్ధతిని ప్రవేశపెట్టే ముందు సిబ్బందిని సంప్రదించలేదన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని కోర్టు చెప్పింది. సేకరించిన టెంప్లేటును ఎంతకాలం ఉంచాలి, ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. హారిక గారి ప్రశ్న అదే.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నాకు ఆందోళన ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. ఆ నోటిఫికేషన్ ప్రకారం యజమానుల మీద పడే ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలులోకి రావాలి. అప్పుడు భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు, డేటా బయటికి పొక్కితే బాధితులకు కూడా చెప్పాలి. కానీ అదే చట్టంలోని 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఇస్తోంది. నా సమాచారం చూపించండి, తీసివేయండి అని అడిగే హక్కులను మాత్రం చట్టం సమ్మతి ఇచ్చినవారికి ముడిపెట్టి రాసింది. అంటే ఉద్యోగ అవసరం అన్న దారిలో తీసుకున్న టెంప్లేటుకు ఆ హక్కులు వర్తిస్తాయా అన్నదానిపై రెండు వాదనలూ ఉన్నాయి. అందుకే ఈరోజు మీరు రాయించుకునే తొలగింపు షరతుకు విలువ ఎక్కువ. చట్టం ఎటు తేలినా అది మీ చేతిలో ఉంటుంది.

హారిక:
అందరికీ ధన్యవాదాలు. శ్యామల గారు రాసిన విధంగానే ఈమెయిల్ పంపాను, నాతో పాటు మా విభాగంలో మరికొందరు కూడా పంపారు. "ఏ అవసరానికైనా, ఎంతకాలమైనా" అన్న మాటలు తీసివేసి "హాజరు, జీతం లెక్కింపు" అని మార్చారు. వాట్సాప్ షీటు తొలగించారు. ప్రతి పంచ్‌కు ఫోటో తీసే సెట్టింగు ఆపివేయిస్తామని ఒప్పుకున్నారు. అయితే "అనుబంధ సంస్థలు" అన్న మాట మాత్రం తీయలేదు. జీతాల పని గ్రూపులోని మరో కంపెనీ చేస్తుంది కనుక అది ఉండాలట. పాత వెండరు దగ్గరున్న బ్యాకప్ గురించి అడిగితే కనుక్కుంటామన్నారు.

శ్యామల:
జీతాలు లెక్కించే కంపెనీకి కావలసింది హాజరైన రోజులు, గంటలు మాత్రమే, మీ ముఖం కాదు. ఆ కంపెనీ పేరు పత్రంలో రాసి, "హాజరు రికార్డు మాత్రమే" అని పక్కన చేర్చమనండి. అది కుదిరేవరకు సంతకం చేయకండి. ఈలోగా హాజరు రిజిస్టరులో వేయడానికి అనుమతి కోరుతూ ఒక ఈమెయిల్ పెట్టండి.

నరసింహులు:
పాత వెండరుతో ఏటా మెయింటెనెన్స్ ఒప్పందం ఉండి ఉంటుంది. దాని చివరి బిల్లు కట్టేముందే డేటా చెరిపినట్టు కాగితం అడగమని మీ హెచ్ఆర్‌కు చెప్పండి. బిల్లు అయిపోయాక ఫోను ఎత్తేవాడు ఉండడు.