పెద్ద కస్టమరు ఇంకా పెద్ద ఆర్డరు ఇస్తానంటే తీసుకోవాలా?

అట్టపెట్టెల యూనిట్, గుంటూరు

కారం, పసుపు, మసాలాలు ప్యాక్ చేసే సంస్థలకు మేము అట్టపెట్టెలు సరఫరా చేస్తాము. జీఎస్టీ కాకుండా ఏడాది బిల్లింగ్ 6 కోట్లు, కస్టమర్లు 40 మంది. కస్టమర్లను బిల్లింగ్ ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చి, వాటాలు కలుపుకుంటూ పారెటో గీత గీసి చూస్తే మొదటి ఐదుగురి దగ్గరే 60 శాతం తేలింది. అందరికంటే పెద్దవారి వాటా 20 శాతం. ఇప్పుడు వారే ఏడాదికి మరో 72 లక్షల ఆర్డరు ఇస్తామంటున్నారు. అందుకు 35 లక్షల అప్పు తెచ్చి కొత్త యంత్రం కొనాలి. తీసుకోవడం మంచిదేనా?

హోల్‌సేల్ వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

నిస్సందేహంగా తీసుకోండి. చాలా వ్యాపారాల్లో ఐదో వంతు కస్టమర్లే ఎనభై శాతం అమ్మకం ఇస్తారంటారు. మీ గీత అంతకంటే చదునుగా ఉందంటే మీరు సగటు వ్యాపారి కంటే భద్రంగా ఉన్నారని అర్థం. పైగా పెద్ద ఆర్డరు ఉన్నందువల్లే మిల్లువారు మీకు క్రాఫ్ట్ పేపరు తక్కువ ధరకు ఇస్తున్నారు. ఆ ఆర్డరు తగ్గితే మిగిలిన వారికి చేసే పెట్టె ఖరీదు కూడా పెరుగుతుందని మరచిపోకండి.

గోడౌన్ ఇన్‌చార్జి, తెనాలి

సరుకును విలువ ప్రకారం ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేసి, అన్నిటికంటే విలువైన ఏ తరగతి పేపరును మాత్రం వారం వారం లెక్కపెట్టండి. మేము అలాగే చేస్తున్నాము, నిల్వ బాగా తగ్గింది.

ఆడిటర్, బ్రాడీపేట, గుంటూరు

తెనాలి వారు చెప్పినది సరుకు నిల్వకు సంబంధించినది. ఇక్కడి ప్రశ్న కస్టమర్ల గురించి.

పేపరు ధర విషయంలో వన్‌టౌన్ వారి మాట నిజమే. అయితే 80–20 భద్రతకు కొలత కాదు. ఇటలీ ఆర్థికవేత్త పారెటో పందొమ్మిదో శతాబ్దం చివర ఆదాయం, సంపద ఎవరి చేతుల్లో ఉన్నాయో చూసి చెప్పిన సంగతిని తరువాత నాణ్యత నిపుణుడు జురాన్ నాణ్యత నియంత్రణలోకి తెచ్చారు. ఫలానా శాతం దాటితే ప్రమాదమని వారిద్దరూ గీత గీయలేదు. పైగా రేపు మీరు ఇరవై మంది చిల్లర కస్టమర్లను చేర్చుకుంటే, ఐదో వంతు అంటే ఎనిమిది మందికి బదులు పన్నెండు మంది అవుతారు, వారి వాటా పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆధారపడటం కొంచెం తగ్గి ఉంటుంది. అందువల్ల కస్టమర్ల శాతాన్ని వదిలి, మొదటి ఒక్కరు, మొదటి ముగ్గురు అని చూడడం మేలు.

దానికంటే ముందు అడగవలసినది, ఆ 40 పేర్లు నిజంగా 40 మందేనా అని. మీ లెడ్జరులో జీఎస్టీ నంబరు ప్రకారం ఖాతాలు తెరిచి ఉంటారు. ఒకే సంస్థకు ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి నంబరు ఉండవచ్చు. నంబరులో మూడో అక్షరం నుంచి పది అక్షరాలు పాన్ కాబట్టి, వాటిని విడదీసి కలిపి చూడండి. ఎక్సెల్‌లో నంబరు A2 గడిలో ఉంటే సూత్రం ఇది.

```
=MID(A2,3,10)
```

పాన్ వేరైనా యజమానులు ఒకే కుటుంబమైతే వారిని కూడా ఒక్కరిగానే లెక్కించాలి. పెద్ద కంపెనీల లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 108 కూడా ఒకే నియంత్రణలో ఉన్నాయని తెలిసిన సంస్థలను ఒకే కస్టమరుగా చూడమంటుంది. పది శాతం, అంతకు మించి ఆదాయం ఒక్కరి నుంచే వస్తే ఆ సంగతి వెల్లడించమంటుంది. ఆ ప్రమాణం మీకు వర్తించకపోయినా, ఆలోచన వర్తిస్తుంది.

అట్టపెట్టెల యూనిట్, గుంటూరు

చూశాను. 1.20 కోట్లతో మొదటి స్థానంలో ఉన్నదీ, 48 లక్షలతో నాలుగోదీ ఒకే పాన్. 60 లక్షలతో మూడో స్థానంలో ఉన్నది వారి తమ్ముడి సంస్థ. మొత్తం 2.28 కోట్లు, అంటే 38 శాతం. వారికి వేసే ధరలో పేపరు, జిగురు, రవాణా పోగా 15 శాతం మిగులుతుంది. మిగిలిన వారి దగ్గర 26 శాతం. వారు 90 రోజులకు చెల్లిస్తారు, మిగిలిన వారు 45 రోజులకు. జీతాలు, అద్దె, పాత అప్పు వాయిదాలు కలిపి ఏడాదికి 1.02 కోట్లు అవుతాయి.

ఆడిటర్, బ్రాడీపేట, గుంటూరు

ఇప్పుడు ఒక్క గీతకు బదులు మూడు గీయండి. బిల్లింగ్‌లో ఆ కుటుంబం వాటా 38 శాతం. మిగులులో చూస్తే మొత్తం 131 లక్షలలో వారి నుంచి వచ్చేది 34 లక్షలే, అంటే 26 శాతం. రేపే వారు పూర్తిగా మానుకున్నా మిగిలిన 97 లక్షలు స్థిర ఖర్చులకు దాదాపు సరిపోయి, ఏడాదికి ఐదు లక్షల నష్టం మాత్రమే వస్తుంది. కష్టమే అయినా తట్టుకోలేనిది కాదు. పేపరు ధర పెరిగితే మాత్రం వన్‌టౌన్ వారు చెప్పినట్టు ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

మూడో గీత బాకీలది. వారి దగ్గర ఏ రోజైనా 57 లక్షలు ఉంటాయి, మిగిలిన అందరి దగ్గరా కలిపి సుమారు 46 లక్షలు. అంటే వసూలు కావలసిన సొమ్ములో 55 శాతం ఒక్క ఇంట్లో ఉంది. మీ లాభం ఏడాదికి 29 లక్షలు కాబట్టి అది రెండేళ్ల లాభం. ఆర్డరు పోవడం కంటే ఆ సొమ్ము ఇరుక్కోవడమే మీకు పెద్ద ప్రమాదం. బిల్లింగ్ గీత ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

బాడీ బిల్డింగ్ షెడ్డు, ఆటోనగర్, విజయవాడ

మా అనుభవం సరిగ్గా ఇదే. చాలా లారీలున్న ఒక యజమాని మా పనిలో సగం ఇచ్చేవారు. ఆయన ఆర్డరు ఎన్నడూ ఆపలేదు, కానీ చెల్లింపు రెండు నెలల నుంచి నాలుగు నెలలకు జారింది. 90 రోజులు దాటిన బాకీని బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే మేము వాడుకోగల అప్పు హద్దు, లెక్కలోంచి తీసేయడంతో, చేతినిండా పని ఉండగానే రేకుల దుకాణానికి కట్టడానికి డబ్బు లేకుండా పోయింది.

హోల్‌సేల్ వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టమే ఉంది కదా, ఆలస్యమైతే వడ్డీ కూడా అడగవచ్చు. చిన్న సంస్థగా ఉద్యం నమోదు ఉంటే ఇంత భయమెందుకు?

బాడీ బిల్డింగ్ షెడ్డు, ఆటోనగర్, విజయవాడ

చట్టం ఉంది. సగం పని ఇచ్చే మనిషి మీద ఫిర్యాదు పెట్టే ధైర్యమే మాకు లేకపోయింది.

ఆడిటర్, బ్రాడీపేట, గుంటూరు

కొత్త ఆర్డరు లెక్క చూద్దాం. 72 లక్షల మీద 15 శాతం అంటే 10.8 లక్షల మిగులు. 35 లక్షల అప్పును 11 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే ఏడాదికి సుమారు 9.1 లక్షల వాయిదా. 90 రోజుల అరువు వల్ల మరో 18 లక్షల బాకీ పేరుకుంటుంది; దానిలో మీరు పెట్టిన ఖర్చు 15 లక్షలకు పైనే, దాని వడ్డీ 1.7 లక్షలు. ఇక చేతికి వచ్చేదేమీ లేదు, కుటుంబం దగ్గరి బాకీ మాత్రం 75 లక్షలకు చేరుతుంది.

హోల్‌సేల్ వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

వాయిదాలో అసలు కూడా ఉందండీ, దాన్ని ఖర్చులో కలిపితే ఎలా? ఐదేళ్ల తరువాత యంత్రం వీరి సొంతం. ఇక చిన్న కస్టమర్లందరూ మిర్చి మీదే బతికేవారు. ధర పడి సరుకు కోల్డ్ స్టోరేజీల్లో నిలిచిపోతే వారి చెల్లింపులూ ఒకేసారి ఆగుతాయి. ఆ కుటుంబం కాక 37 మంది ఉన్నారన్న ధైర్యం కాగితం మీదే.

ఆడిటర్, బ్రాడీపేట, గుంటూరు

రెండూ సరైన మాటలే. వాయిదాలోని అసలు సొమ్ము ఖర్చు కాదు, కానీ ఆ ఐదేళ్లూ నగదు బయటికి పోతూనే ఉంటుంది. మిర్చి సంగతి పారెటో గీతలో కనిపించదు. కస్టమర్లను సరుకు ప్రకారం విడిగా చూడాలి, పచ్చళ్లు, మందులు, బిస్కెట్ల వారు ఎందరున్నారో తేల్చాలి. ఆ యంత్రం మీద అలాంటి వారి సైజులు కూడా తయారవుతాయా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న.

అట్టపెట్టెల యూనిట్, గుంటూరు

తయారవుతాయి. అయితే ఆ కుటుంబాన్ని 60 రోజులకు ఒప్పించడం సాధ్యం కాదు, అడిగి చూశాను.

ఆడిటర్, బ్రాడీపేట, గుంటూరు

అలాగైతే రోజులు వదిలి, మొత్తానికి హద్దు పెట్టండి. మూడు ఖాతాలూ కలిపి బాకీ 60 లక్షలు దాటితే తరువాతి లోడు కదలదని ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. కొత్త ఆర్డరుతో వారి నెలవారీ బిల్లింగ్ 25 లక్షలకు పెరుగుతున్నప్పుడు ఈ హద్దు 72 రోజుల అరువుకు సమానం. దానికి కూడా వారు ఒప్పుకోకపోతే, యంత్రం వద్దనే నా అభిప్రాయం.

హోల్‌సేల్ వ్యాపారి, వన్‌టౌన్, విజయవాడ

లోడు ఆపిన మరునాడే వారు ఇంకో యూనిట్‌కు వెళతారు. నేనైతే పాత యంత్రం మీదే రెండో షిఫ్టు నడిపి, కుదిరినంత ఆర్డరు తీసుకుంటాను.