స్టాటిస్టిక్స్ సూత్రాల కాగితం: ఏ సూత్రం ఎప్పుడు వాడాలో పక్కన ఎలా రాసుకోవాలి?

శ్రావ్య: నేను డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. మిడ్‌టర్మ్‌కి చేత్తో రాసుకున్న కాగితం ఒకటి లోపలికి తీసుకెళ్లనిస్తారు. స్లైడ్లలో ఉన్న సూత్రాలన్నీ వరసగా ఎక్కించేశాను కానీ, లెక్క ముందు పెట్టుకుంటే ఏది వాడాలో తేలట్లేదు. షరతులేమో వేరే లెక్చర్లో ఎక్కడో ఉన్నాయి. ముఖ్యంగా నిష్పత్తి దగ్గర స్టాండర్డ్ ఎర్రర్, అంటే SE సూత్రాలు ఈ రెండూ కలిసిపోతున్నాయి. p̂ శాంపిల్‌లో వచ్చిన నిష్పత్తి, p0 పరీక్షించమని ఇచ్చిన విలువ:

```
SE = sqrt( p̂(1-p̂)/n )
SE = sqrt( p0(1-p0)/n )
```

కిరణ్: అంత ఆలోచించకు. n 30 దాటితే జెడ్, దాటకపోతే టి. అదొక్కటి కాగితం పైన రాసుకో. మా డిగ్రీ అంతా దాంతోనే గట్టెక్కింది.

మూర్తి: కిరణ్ గారూ, సగటు లెక్కల్లో మీ మాట నడిచినట్టే కనిపిస్తుంది. కానీ అక్కడ తేల్చేది సిగ్మా ముందే తెలుసా లేదా అన్నది. శాంపిల్ నుంచి లెక్కేసిన s వాడితే 200 మంది ఉన్నా టి యే. n పెరిగేకొద్దీ రెండూ దగ్గరవుతాయి కాబట్టి తేడా బయటపడదు. శాంపిల్ 30 అయితే 95 శాతం అంచనాకి టి విలువ 2.045, జెడ్‌ది 1.96. నిష్పత్తికి మాత్రం ఆ 30 పనికిరాదు.

శ్రావ్యా, గడుల వరస మార్చమ్మా. ముందు ప్రశ్నలో ఏం అడిగారో, తర్వాత షరతు, ఆ తర్వాత సూత్రం, చివర షరతు తప్పితే ఏం చేయాలో. నీ రెండు సూత్రాలూ ఇలా పడతాయి:

```
p ఎంతో అంచనా | n·p̂, n(1-p̂) ≥ 10 | SE లో p̂ | n పెంచాలి / వేరే పద్ధతి
p = p0 పరీక్ష | n·p0, n(1-p0) ≥ 10 | SE లో p0 | బైనామియల్
```

పరీక్షలో p0 నిజమని అనుకునే మొదలుపెడతాం కదా, అందుకే SE లోనూ షరతులోనూ అదే. అంచనాలో అలా అనుకోడానికి ఏమీ లేదు, చేతిలో ఉన్నది p̂ ఒక్కటే.

లక్ష్మి: మా బాబు ఇంటర్ సెకండియర్. వాడి సూత్రాలు వర్డ్‌లో టైప్ చేస్తుంటే రూట్ గుర్తు సరిగ్గా రావట్లేదు. మీరందరూ ఎలా కొడుతున్నారు?

ఫాతిమా: లక్ష్మి గారూ, Alt నొక్కి = కొట్టండి, సూత్రం పెట్టె తెరుచుకుంటుంది. అందులో \sqrt అని రాసి స్పేస్ కొడితే రూట్ వస్తుంది. శ్రావ్య అడిగింది మాత్రం వేరే.

శ్రావ్య: సార్, SE తప్పు వేస్తే జవాబు అంత మారుతుందా?

మూర్తి: వేసి చూడు. 60 మందిలో 12 మంది అవునన్నారు, p0 0.1 అనుకో. p0 తో SE 0.0387, z 2.58. పొరపాటున p̂ పెడితే SE 0.0516, z 1.94. 5 శాతం స్థాయిలో, రెండు వైపుల పరీక్షలో, మొదటిది p0 ని కొట్టేస్తుంది, రెండోది కొట్టెయ్యదు. అంటే తీర్పే మారిపోయింది.

శ్రావ్య: కానీ ఇక్కడ n·p0 6 యే కదా? మా స్లైడ్లో 10 ఉండాలన్నారు, పుస్తకంలో 5 చాలన్నారు.

మూర్తి: సరిగ్గా పట్టుకున్నావు. 10 అంటే ఈ లెక్కకి జెడ్ పనికిరాదు, 5 అంటే పనికొస్తుంది. ఎవరి మాట వినాలో బైనామియల్‌నే అడుగుదాం. Rలో:

```r
pbinom(11, 60, 0.1, lower.tail = FALSE)
```

0.0146 వస్తుంది. అదే వైపు జెడ్ చెప్పేది 0.005, అంటే దాదాపు మూడో వంతు. నేనైతే 10 రాసుకుంటాను.

కిరణ్: రెండు లెక్కల్లోనూ 0.05 కంటే తక్కువే వచ్చిందిగా సార్, తీర్పు మారలేదు. 5 చాలు.

మూర్తి: ఈ లెక్కలో మారలేదు. 1 శాతం స్థాయి పెట్టి, ఒక్క వైపే చూడండి.

ఫాతిమా: నేను టీచింగ్ అసిస్టెంట్‌గా పేపర్లు దిద్దుతాను. మా దగ్గర మార్కులు ఎక్కువగా పోయేది 5, 10 దగ్గర కాదు. డేటా ఎలా తీశారో ఎవరూ చూడరు. అది ఏ సంఖ్యలోనూ దొరకదు, ప్రశ్న మొదటి వాక్యంలో ఉంటుంది. ఒకే మనుషుల్ని మందుకు ముందూ తర్వాతా కొలిచారంటే అది జత డేటా. రెండు విడి గుంపుల సూత్రం అక్కడ వాడకూడదు, తేడాలు తీసుకుని వాటి మీద టి వెయ్యాలి. అందుకే షరతుల గడిని రెండుగా చీల్చు: చదివి తెలుసుకునేవి ఒకవైపు, లెక్కేసి చూసేవి ఇంకోవైపు.

శ్రావ్య: రెండు గుంపుల నిష్పత్తులకి కూడా ఇదే పద్ధతిలో రాశాను: సమానమా అన్న పరీక్షకి కలిపిన p̂, తేడా అంచనాకి విడి p̂లు. సరేనా? పరీక్షలో 10 షరతు కూడా కలిపిన p̂ తోనే చూడాలా?

మూర్తి: SE వరకు సరే. షరతు కూడా కలిపినదాంతోనే చూడాలంటాను, ఇందాకటి కారణమే.

ఫాతిమా: మా కోర్సులో మాత్రం రెండు గుంపుల్లోనూ విడివిడిగా అవునన్నవాళ్లనీ కాదన్నవాళ్లనీ లెక్కపెట్టమంటారు. మీ ప్రొఫెసర్ స్లైడ్లో ఏది ఉందో చూసి అదే రాసుకో, దిద్దేది ఆయనే.