"కుదించిన మందం" అంటే జనానికి ఏమని వినిపిస్తోంది?

పలక బలపం
పెద్దలకు నమస్కారం. మా ఊరి లింకు రోడ్డు అంచనా పత్రాన్ని గ్రామసభలో చదవడానికి తెలుగులోకి మార్చి ఇమ్మన్నారు. అందులో రోడ్డు అడుగున వేసే పొర గురించి "కంపాక్టెడ్ థిక్‌నెస్" అని ఉన్న ముక్కను "150 మి.మీ. కుదించిన మందంతో గ్రావెల్ సబ్‌బేస్" అని రాశాను. నిఘంటువు చూసే రాశాను. సభలో అది చదవగానే మా ఊరి పెద్దాయన ఒకరు లేచారు. "ఎంత ఉన్నదాన్ని 150కి కుదించారు? ఆ తగ్గించింది ఎటు పోయింది?" అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు. ఖర్చు కుదించారు, జీతం కుదించారు అనే కదా మనం మాట్లాడుకునేది.

అక్కడితో ఆగలేదు. రోడ్డు పొడవు 500 మీటర్లు, వెడల్పు 3.75 మీటర్లు. డిగ్రీ చదివిన కుర్రాడొకడు ఫోన్లో గుణించి, 281 ఘనపు మీటర్లు వస్తుంది, టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున 28 బండ్లు, మహా అయితే 29 చాలు అన్నాడు. పత్రంలో 37 ఉంది. ఎనిమిది బండ్ల గ్రావెల్ మింగేశారన్న మాట ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. లెక్క రాసిన ఇంజనీరు తప్పు చేయలేదని తర్వాత తెలిసింది. తప్పంతా నా మాటలో ఉంది. దీనికి సరైన తెలుగు మాట చెప్పండి.

కృష్ణాతీరం
"సంపీడిత మందం" అని రాయండి. పాఠ్యపుస్తకాల్లో సంపీడనం అనే ఉంటుంది.

పలక బలపం
అయ్యా, సభలో ఉన్నవాళ్లు రైతులు, కూలీలు. సంపీడితం అంటే కుదించినదానికన్నా దూరమైపోతుంది.

గొలుసు కర్ర
ముప్ఫై ఏళ్లు రోడ్డు పనుల మీద తిరిగినవాణ్ని. మాట సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ ఎనిమిది తొమ్మిది బండ్లు ఎక్కడికి పోయాయో చూడండి. అది తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది.

టిప్పరులో ఉన్న గ్రావెల్ రాళ్ల మధ్య గాలి చాలా ఉంటుంది. దాన్ని పరిచి, తగినంత నీళ్లు చల్లి, వైబ్రేటరీ రోలరుతో తొక్కిస్తే చిన్న రాళ్లు పెద్ద రాళ్ల సందుల్లోకి జారి గాలి బయటికి పోతుంది. రాయి ఎక్కడికీ పోదు, చోటు తగ్గుతుంది. మీ ఊరి పనికి వాడే గ్రావెల్‌ను ప్రయోగశాలలో గట్టిగా దట్టిస్తే ఘనపు మీటరుకు 2.1 టన్నుల పొడి బరువు వచ్చిందనుకోండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ప్రకారం సబ్‌బేస్ పొర అందులో కనీసం 98 శాతం గట్టిపడాలి, అంటే 2.06 టన్నులు. అదే గ్రావెల్ టిప్పరులో వదులుగా ఉన్నప్పుడు ఘనపు మీటరుకు 1.6 టన్నులే తూగిందనుకోండి. 2.06ను 1.6తో భాగిస్తే 1.29. రోడ్డు మీద ఒక ఘనపు మీటరు గట్టి పొర కావాలంటే బండిలో 1.29 రావాలన్నమాట.

281ని 1.29తో హెచ్చిస్తే దాదాపు 363. పది చొప్పున 37 బండ్లు. ఆ అబ్బాయి చెప్పిన 28 బండ్లే తోలి ఉంటే, తొక్కాక మీకు దక్కే పొర 116 మి.మీ. మాత్రమే. కాంట్రాక్టరుకు డబ్బు కూడా తొక్కిన పొర కొలతకే కడతారు, బండ్ల లెక్కకు కాదు. ఆ కుర్రాడికి ఇది చెప్పండి. కొలిచి చూడాలన్న పట్టుదల మంచిదే, కొలవాల్సిన చోటు మాత్రం బండి కాదు, రోడ్డు.

ఇసుక రేవు
దీనికింత లెక్క దేనికండీ. గ్రావెల్ తొక్కితే పావు వంతు తగ్గుతుంది, కాబట్టి పావు వంతు కలిపి తోలించుకోవాలి. మా మేస్త్రీలందరూ చేసేది ఇదే.

గొలుసు కర్ర
సగం నిజం చెప్పారు. తగ్గేది పావు వంతే అనుకుందాం. నాలుగు గంపలు పోస్తే తొక్కాక మూడు గంపల చోటులో సర్దుకుంటుంది. మీకు మూడు గంపల గట్టి పొర కావాలి. మూడుకి పావు వంతు కలిపితే మూడుంముప్పావు గంపలే అయింది, ఇంకో పావు గంప తక్కువ. పావు తగ్గేదానికి మూడో వంతు కలపాలి. తగ్గుదల పోసినదానిలోంచి లెక్క, కలపడం మిగిలినదానికి లెక్క. మీ పద్ధతిలో 150 కోరితే 140 వస్తుంది. పది మి.మీ. తేడా కళ్లకు కనబడదు, లెవెల్ పెట్టి కొలిస్తేనే దొరుకుతుంది.

పైగా ఆ పావు వంతు అన్నిచోట్లా ఒకటి కాదు. సన్న, లావు రాళ్లు బాగా కలిసిన గ్రావెల్ ఒకలాగా, ఒకే సైజు కంకర ఇంకొకలాగా అణుగుతుంది. అందుకే పని మొదట్లో కొంతమేర పరిచి, తొక్కించి, ముందూ వెనకా మట్టం చూసుకుంటాం. ఆ ఊరి గ్రావెల్‌కి ఆ ముక్కే సాక్ష్యం.

కొత్త ఇల్లు
సరైన చోటికే వచ్చాను. నాది 30 బై 40 బేస్‌మెంటు, మూడడుగులు ఎత్తు. 3,600 ఘనపుటడుగులు కదా, ట్రాక్టరుకు వంద చొప్పున సరిగ్గా 36 ట్రాక్టర్ల మట్టి పోయించాను. రెండు వానలు పడ్డాయి, ఒక మూల అరడుగు కుదించుకుపోయింది. ఇంకో ఆరు ట్రాక్టర్లు చాలా? తోలేవాడు మోసం చేశాడంటారా?

గొలుసు కర్ర
తమ్ముడూ, ఇక్కడ మాట గురించి నడుస్తోంది, అయినా చెబుతాను. బండ్లు లెక్కకు సరిపోయాయి, మట్టే అణగలేదు. మూడడుగులూ ఒకేసారి నింపేసి ఉంటారు. అరడుగు అరడుగు పొరగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ఇప్పుడు పైన ఆరు ట్రాక్టర్లు పోస్తే అడుగున గుల్లగా ఉన్నది అలాగే ఉండి, గచ్చు వేశాక మళ్లీ దిగుతుంది. ఆ మూల తవ్వి చూసి, వదులుగా ఉన్నంత మేర తీసి మళ్లీ పొరలుగా నింపించు.

పాలమూరు చెలక
సార్ "గుల్ల" అన్నడు చూడుండ్రి, మాట దొరికింది. మా దిక్కు గ్రావెల్‌ను మొరం అంటరు. తోలినంక గుట్టలు పోసి ఉన్నదాన్ని గుల్లగున్నది అంటం, రోలర్ తొక్కినంక గట్టిపడ్డది అంటం. దున్నిన భూమి గుల్ల, బాట గట్టి. గుల్ల కొలత, గట్టి కొలత అని రాస్తే మా అవ్వకు గూడ సమజయితది. బండ్ల లెక్క గుల్ల కొలతల, రోడ్డు లెక్క గట్టి కొలతల.

ఇంకో మాట. కొత్త ఇల్లు అన్న "కుదించుకుపోయింది" అని రాసిండు. మేమైతే కుంగింది అంటం. రోలర్ తొక్కితే అణగుడు వేరు, వానకు కుంగుడు వేరు. అణగుడు మనం చేసే పని. కుంగుడు మనం చెయ్యక మిగిల్చిన పని.

పలక బలపం
అన్నా, ఈ తేడా నాకు తట్టనే లేదు. అణగు, అణచు రెండూ పరిశీలించాను. "అణచిన మందం" అంటే ఉద్యమాన్ని అణచినట్టు బలప్రయోగం వినిపిస్తోంది. "అణగిన మందం" అంటే ఎవరూ తొక్కకుండానే అణిగినట్టుంది. "తొక్కిన మందం" అందామా?

కృష్ణాతీరం
తొక్కిన అంటే మోటుగా ఉంటుంది. ప్రభుత్వ పత్రంలో బాగోదు.

గొలుసు కర్ర
పని చోట వందసార్లు వినిపించే మాట అదేనండీ. "రెండు తొక్కుళ్లు పడ్డాయి, ఇంకో నాలుగు తొక్కించు" అనే డ్రైవరుకు చెప్పేది. నాకైతే "తొక్కించాక మందం" నచ్చింది. మాటలో "తర్వాత" అన్న కాలం ఉంటేనే తగాదా తీరుతుంది. వట్టి "150 మి.మీ. మందం" అంటే పరిచినప్పుడా, తొక్కించాకా అన్న అనుమానం మిగులుతుంది. పరిచినప్పుడే 150 అనుకుని కూలీలు దారం కడితే చివరికి దక్కేది 116. పరిచేటప్పుడు దారం 193 మి.మీ. దగ్గర ఉండాలి.

డాలస్ అరుగు
మా ఇంటి ముందు దారికి రాళ్లపొడి కలిసిన కంకర తెప్పించినప్పుడు ఇక్కడ టన్నుల్లో అమ్మారు. వదులు, గట్టి అన్న గొడవే రాలేదు. తొక్కినా బరువు మారదు కదా. ఊళ్లో కూడా కాటా చీటీలతో లెక్క రాస్తే గ్రామసభకు ఒకే అంకె సరిపోదా?

గొలుసు కర్ర
మంచి మాటే. ఈ పనికి 579 టన్నుల పొడి గ్రావెల్ కావాలి. అయితే కాటా నీళ్లను కూడా తూస్తుంది. గ్రావెల్‌లో ఆరు శాతం తేమ ఉంటే చీటీల మొత్తం 614 చూపించాలి. వాన వెలిసిన మర్నాడు తోలితే ఇంకా పెరుగుతుంది, గ్రావెల్ మాత్రం అంతే. కాబట్టి తేమ చూడకుండా కాటాను నమ్మలేం. బండి పెట్టె కొలతనూ పూర్తిగా నమ్మలేం. క్వారీలో నిండుగా ఉన్నది ఇరవై కిలోమీటర్ల కుదుపులకు కొంత దిగుతుంది. బండి కొలత ఎక్కడ తీస్తారో ముందే రాసుకోవాలి, దాన్నిబట్టి 1.29 కూడా మారుతుంది.

పాలమూరు చెలక
సార్, మా తాన నల్లరేగడి. మొరం పోసినకొద్దీ లోపలికి పోతనే ఉంటది. దానికి గూడ 1.29 సరిపోతదా?

గొలుసు కర్ర
సరిపోదు. అది అణగడం కాదు, అడుగు మట్టి తడిగా మెత్తగా ఉండి గ్రావెల్‌ను మింగడం. బండ్లు లెక్కకు మించి పడతాయి, పైన మట్టం మాత్రం లేవదు. గుంత తీసి చూస్తే అడుగున రాయీ నల్లమట్టీ కలిసిపోయి కనిపిస్తాయి. అప్పుడు బండ్లు పెంచడం దండగ, ముందు అడుగు గట్టిచేయాలి. దానికి తెలుగులో ఒక్క మాట నా దగ్గర లేదు. "మింగింది" అనే అంటాం.

పలక బలపం
ఇలా తిరగరాశాను, చూడండి: "రోలరుతో తొక్కించాక 150 మి.మీ. మందం ఉండేలా గ్రావెల్ పొర. పరిచేటప్పుడు గుల్ల మందం సుమారు 193 మి.మీ. బండిలో గుల్ల కొలత 363 ఘనపు మీటర్లు, 37 టిప్పర్లు."

కృష్ణాతీరం
సంపీడనం లేకపోయినా అర్థమవుతోంది, ఒప్పుకుంటున్నాను. గుల్ల అంటే మాత్రం మా వైపు నత్తగుల్ల, ముత్యపు గుల్ల ముందు గుర్తొస్తాయి. "వదులు మందం" అంటే మేలేమో.

పాలమూరు చెలక
వదులు అంటే మాకు చొక్కా వదులు. గుల్లనే ఉంచుండ్రి.

గొలుసు కర్ర
ఆ పేచీ మీరిద్దరూ తేల్చుకోండి. పలక బలపం గారూ, ఇంకొక్క వాక్యం చేర్చండి: "టిప్పరు గుట్టలు పదమూడున్నర మీటర్లకు ఒకటి చొప్పున పోయాలి." 500ను 37తో భాగిస్తే వచ్చేది అదే. సుద్దతో రోడ్డు పక్కన గీతలు పెట్టించండి. మీ పెద్దాయన లెక్కలేమీ చేయనక్కర్లేదు, ఉదయం నడుచుకుంటూ వెళ్తే ఏ గీత దగ్గర గుట్ట లేదో ఆయనకే కనబడుతుంది.