తిప్పతీగ వల్లే లివర్ దెబ్బతిందని ఒక్క కేసుతో రాయొచ్చా?

ఒంగోలు పీజీ: జనరల్ మెడిసిన్ చేస్తున్నా. 46 ఏళ్ల ఆవిడ మూడు వారాలు ఇంట్లో తిప్పతీగ కషాయం కాచుకుని తాగి, కామెర్లతో వచ్చారు. లివర్ ఎంజైముల్లో ఏఎల్‌టీ 1120, ఏఎల్‌పీ 180. కషాయం మానేశాక 26వ రోజుకి ఏఎల్‌టీ 210కి దిగింది. ‘తిప్పతీగ వల్ల కాలేయ గాయం’ అని కేసు రిపోర్టు రాద్దామంటే మా గైడు ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

కావలి మెడికల్స్: మీ గైడు చెప్పిందే కరెక్టు. ఒక్క పేషెంటుతో ఏదీ రుజువు కాదండీ. ట్రయల్ జరిగితేనే మాట్లాడాలి.

నెల్లూరు ఫార్మకాలజీ: ట్రయల్ కోసం ఆగితే ఇలాంటివి బయటపడవు. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే హాని రెండొందల మంది ట్రయల్‌లో కనపడకుండానే పోవచ్చు. గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు మీద 1961లో ఆస్ట్రేలియా డాక్టరు లాన్సెట్‌కి రాసింది ఒక చిన్న ఉత్తరమే. అలాగని పీజీ గారి కేసు అప్పుడే గట్టిగా ఉందనీ అనను.

నార్మల్ పైహద్దులు 40, 120 అనుకుంటే ఏఎల్‌టీ 28 రెట్లు, ఏఎల్‌పీ ఒకటిన్నర రెట్లు. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 18 దాటుతుంది. 5 దాటితే దెబ్బ లివర్ కణాలకే తగిలిందని లెక్క. ఇంతవరకూ బాగుంది. కానీ వైరల్ హెపటైటిస్‌లోనూ అంకెలు ఇలాగే ఉంటాయి, నాలుగు వారాల్లో ఇలాగే దిగుతాయి. కాబట్టి ‘మానగానే తగ్గింది’ అన్నది మీరనుకున్నంత బలమైన సాక్ష్యం కాదు. లివర్ దెబ్బకు మందే కారణమా అని అంచనా వేసే రుకామ్ స్కోరులో తాగడం మొదలైన మూడు వారాలకు వచ్చినందుకు 2, నెలలోపు సగానికి పైగా దిగినందుకు 2 వస్తాయి. మిగతాదంతా వేరే కారణాలను ఎంత గట్టిగా కొట్టేశారన్న దాని మీదే ఉంటుంది. హెపటైటిస్ ఇ ఐజీఎం చేశారా?

ఒంగోలు పీజీ: ఎ, బి, సి చేశాం సార్, నెగటివ్. ఇ చేయలేదు.

నెల్లూరు ఫార్మకాలజీ: మన దగ్గర తాగునీటితో వచ్చే కామెర్లలో మొదట అనుమానించాల్సిందే అది. ఐజీఎం కొన్ని నెలలు ఉంటుంది, ఇప్పుడైనా పంపండి. సి కి యాంటీబాడీ ఒక్కటే చేసుంటే ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలి, యాంటీబాడీ ఆలస్యంగా పుడుతుంది. కషాయంతోపాటు జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు, ఇంకేదైనా పొడి వేసుకున్నారేమో స్లిప్పులు ముందు పెట్టుకుని అడగండి. మిగిలిన కాండం పారేయనివ్వకండి. 2021లో ముంబయి డాక్టర్లు ఆరుగురి కేసులు ప్రచురించినప్పుడు, అసలు తాగింది తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ఆయుష్ శాఖ అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాండం చేతిలో లేకపోతే మీ దగ్గర జవాబుండదు.

ఆత్మకూరు అమ్మాయి: మా అత్తయ్యకు కామెర్లు వస్తే నేలఉసిరి పసరు తాగించాం, పదిహేను రోజుల్లో తగ్గింది. ఒక్క కేసుతో చెడు చెప్పొచ్చంటే మంచి కూడా చెప్పొచ్చు కదండీ?

నెల్లూరు ఫార్మకాలజీ: అమ్మా, వైరస్ కామెర్లు ఎక్కువమందికి ఏమీ తాగకపోయినా తగ్గుతాయి. పసరు లేకపోతే ఏమయ్యేదో మీ అత్తయ్య ఒక్కరిని చూసి చెప్పలేం. దానంతటది తగ్గని జబ్బయితే ఒక్క కేసుకూ బరువుంటుంది. 2004లో అమెరికాలోని మిల్వాకీలో రేబిస్ లక్షణాలు మొదలైన 15 ఏళ్ల అమ్మాయి టీకా లేకుండానే బతికింది. మందులతో కోమాలో ఉంచి చేసిన వైద్యం అది. రేబిస్ వచ్చినా బతకడం సాధ్యమేనని ఆ రిపోర్టు చూపింది. అదే వైద్యం తర్వాత చాలామందికి చేస్తే దాదాపు అందరూ పోయారు. బతికించింది ఆ వైద్యమేనా అన్నది ఆ ఒక్క కేసు చెప్పలేకపోయింది.

కావలి మెడికల్స్: సరే సార్, కానీ రోజూ తిప్పతీగ తాగేవాళ్లు ఊరికి వందమంది ఉన్నారు. వాళ్లకేం కాలేదుగా?

నెల్లూరు ఫార్మకాలజీ: మూడొందల మంది తాగి ఒక్కరికీ ఏమీ కాకపోయినా, ముప్పు నూటికి ఒకరి వరకూ ఉండొచ్చు. అంతకంటే భరోసా ఆ అంకె ఇవ్వదు. అటువైపు పీజీ గారి కేసూ ముప్పు ఎంతమందిలో ఒకరికో చెప్పదు, తాగినవాళ్ల మొత్తం లెక్క అందులో లేదు కాబట్టి. ‘ఇలా జరగొచ్చు, కామెర్లతో వచ్చినవాళ్లను దీని గురించి అడగండి’ అన్నంతవరకే దాని పరిధి. శీర్షికలో ‘వల్ల’ తీసి ‘తాగిన తర్వాత’ అని పెడితే మీ గైడు ఒప్పుకోవచ్చు.

ఒంగోలు పీజీ: మళ్లీ కొంచెం తాగించి చూస్తే తేలుతుంది కదా సార్?

నెల్లూరు ఫార్మకాలజీ: వద్దు. రెండోసారి లివర్ పూర్తిగా చేతులెత్తేయవచ్చు, ప్రాణం పోతుంది. అయితే ఆవిడ ఇంతకుముందెప్పుడైనా తాగి, వాంతులై మానేశారేమో అడగండి. తెలియక రెండుసార్లు జరిగి ఉంటే, అప్పటి రక్తపరీక్ష కాగితం కూడా దొరికితే, అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

ఒంగోలు పీజీ: అడుగుతాను సార్. ఇంకొకటి, ఏఎన్‌ఏ పాజిటివ్, ఐజీజీ ఎక్కువగా ఉంది.

నెల్లూరు ఫార్మకాలజీ: అది ముందే చెప్పాల్సింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే లివర్‌ని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లోపల ముందునుంచే ఉండి తిప్పతీగతో పైకి లేచిందా, తిప్పతీగే దాన్ని పోలిన జబ్బు తెచ్చిందా అన్నది ముంబయి కేసుల దగ్గరా వచ్చిన చిక్కే. బయాప్సీ చేసినా రెండూ ఒకేలా కనపడొచ్చు. స్టెరాయిడ్ ఇచ్చుంటే ఆపిన తర్వాత కనీసం ఏడాది చూడండి. మళ్లీ లేస్తే తీగ కంటే సొంత జబ్బు మీదికే అనుమానం పోతుంది.

కావలి మెడికల్స్: ఏడాది ఆగాక రాస్తే ఈలోపు తాగేవాళ్ల సంగతేంటి సార్?

నెల్లూరు ఫార్మకాలజీ: జర్నల్‌కి ఆగొచ్చు. అనుమానిత దుష్ఫలితం ఫారం మాత్రం ఈ వారమే నింపి పంపాలి. దానికి రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. మందుల దుష్ఫలితాల జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు.