పన్ను పీకించుకుని కోడీన్ మాత్రలు వాడాను, గనిలో డ్రగ్ టెస్ట్‌కి ముందే చెప్పాలా?

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప గనిలో డంప్ ట్రక్ నడుపుతాను. జ్ఞానదంతం పీకించుకున్నాక డెంటిస్ట్ పారాసెటమాల్ 500, కోడీన్ 30 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. నిన్న రాత్రి ఆఖరిది వేసుకున్నాను. ఎల్లుండి సైట్‌కి వెళ్లాలి, అక్కడ ఎప్పుడైనా యూరిన్ టెస్ట్ పెడతారు.

కోడీన్‌లో కొంత ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుందట. కప్పు పరీక్షలో ఓపియేట్స్ గీత రాకపోతే యూరిన్‌లో ఆ రకం మందు ఉండొచ్చని లెక్క, కానీ అది డాక్టర్ రాసిందా, బయట కొన్నదా అన్నది కప్పు చెప్పదు కదా. శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లి వివరం వచ్చేదాకా ట్రక్ ఎక్కనివ్వరు. ఫలితం వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుందని నా టెన్షన్. పైగా కోడీన్‌కి మత్తు ఉంటుంది, అంత పెద్ద బండి మీద అది వేరే సమస్య.

గనుల్లో పనిచేసే అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. మందు ఆపేశాక కూడా డిక్లరేషన్ ఫారంలో రాయాలా? సూపర్‌వైజర్‌కి మందు పేరు చెప్పకుండా సైట్ నర్సుకి మాత్రమే చెప్పొచ్చా? ప్రిస్క్రిప్షన్, మాత్రల డబ్బా మీది ఫార్మసీ లేబుల్ చాలా, లేక పనికి ఫిట్ అని డెంటిస్ట్ లెటర్ కూడా అడుగుతారా?