ఫేస్ స్వాప్ మీద క్లబ్‌లో గంట సెషన్: ఏ డెమో చూపించాలి, ఎథిక్స్ ఎక్కడ పెట్టాలి?

శ్రావణి
మా ఇంజనీరింగ్ కాలేజీ టెక్నికల్ క్లబ్‌లో వచ్చే శనివారం ఫేస్ స్వాప్ గురించి నేను మాట్లాడాలి. గంట టైమ్ ఇచ్చారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫస్ట్, సెకండ్ ఇయర్ వాళ్లే. 20 నిమిషాలు థియరీ, 25 నిమిషాలు లైవ్ డెమో, చివర 15 నిమిషాలు ఎథిక్స్ అనుకున్నాను. ల్యాబ్ ల్యాప్‌టాప్‌లో జీపీయూ లేదు. ఒక్క ఫొటో ఇస్తే మొహం మార్చేసే రెడీమేడ్ టూల్ చూపించమని ఫ్రెండ్స్ అంటున్నారు. అది చూపిస్తే చప్పట్లు వస్తాయి కానీ లోపల ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదని నా టెన్షన్. ఈ ప్లాన్ ఎలా మార్చాలో చెప్పండి.

కిరణ్
థియరీ ఈజీ అక్కా. ఫేస్ స్వాప్ అంటే గ్యాన్. ఒక నెట్‌వర్క్ దొంగ బొమ్మ తయారుచేస్తుంది, ఇంకోటి పట్టుకోవాలని చూస్తుంది. ఆ బొమ్మ ఒక్కటి గీసి చెబితే చాలు. నకిలీ వీడియోల్లో మనుషులు కళ్లు ఆర్పరు అని కూడా చెప్పండి, అందరికీ గుర్తుంటుంది.

రమణమూర్తి
కిరణ్, గ్యాన్‌లు ఈ రంగంలో ఉన్న మాట నిజమే, కానీ ఫేస్ స్వాప్ అంతా అదే కాదు. 2017లో బయటికొచ్చి డీప్‌ఫేక్ అనే పేరు తెచ్చిన పద్ధతిలో ఒక ఎన్‌కోడర్, రెండు డీకోడర్లు ఉండేవి. ఇద్దరి ఫొటోలూ ఒకే ఎన్‌కోడర్ చదువుతుంది. మొహం ఎటు తిరిగింది, నోరు ఎంత తెరిచింది లాంటి ఇద్దరికీ ఉండే సంగతులు అది నేర్చుకుంటుంది. ఎవరి మొహం గీయాలన్నది డీకోడర్ పని. మొదటి మనిషి ఫొటో లోపలికి పంపి రెండో మనిషి డీకోడర్‌తో బయటికి తీస్తే స్వాప్ అయిపోయినట్టే. దీనికి ఒక్కొక్కరివి బోలెడు ఫొటోలు, గంటల కొద్దీ ట్రైనింగ్ కావాలి. క్లబ్‌లో కుదరదు. కళ్లు ఆర్పకపోవడం పాత గుర్తు, ఇప్పటి వీడియోల్లో దాన్ని నమ్ముకుంటే మోసపోతారు.

శ్రావణీ, నువ్వు ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీతో చేసే పాత పద్ధతి తీసుకో. జీపీయూ అక్కర్లేదు, ప్రతి మెట్టునూ తెర మీద ఆపి చూపించవచ్చు. `dlib` అనే ఇంకో లైబ్రరీ మొహం మీద 68 పాయింట్లు పెడుతుంది. వాటితో మొహాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా కోస్తాం. మొదటి మొహంలోని ఒక్కో త్రికోణాన్నీ రెండో మొహంలోని అదే త్రికోణం ఆకారానికి సాగదీసి అతికిస్తాం. చివర్లో రంగు కలుపుతాం. అంతే.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మొహం మారింది, మరి మనిషి పూర్తిగా మారినట్టు ఎందుకు లేదు? ఆ 68 పాయింట్లు గడ్డం నుంచి కనుబొమ్మల దాకానే ఉంటాయి. నుదురు, జుట్టు, చెవులు అసలు మనిషివే. పాయింట్లను పచ్చ చుక్కలుగా చూపించి ఒక నిమిషం ఆగితే ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే చెబుతారు.

శ్రావణి
సార్, నిన్న ఇదే ట్రై చేశాను. మొహం ముక్కలు ముక్కలుగా మెలికలు తిరిగింది, కన్ను చెంప మీదికి వచ్చింది. రెండు మొహాలకూ త్రికోణాలు గీశాను, పాయింట్లు కూడా సరిగ్గానే పడ్డాయి.

రమణమూర్తి
రెండు మొహాలకూ విడివిడిగా గీశావు, అదే కారణం. మొహం ఆకారం మారితే త్రికోణాల జతలూ మారిపోతాయి. ఒకదానికే గీయి. ఏ త్రికోణం ఏ మూడు పాయింట్ల నంబర్లతో వచ్చిందో రాసుకో, ఉదాహరణకు 36, 37, 41. రెండో మొహంలో అవే నంబర్లున్న పాయింట్లు కలుపు. ఈ తప్పును స్లైడ్‌లో అలాగే ఉంచు, సరైనది పక్కన పెట్టు. నంబర్లు ఎందుకు కలవాలో దానితోనే తెలుస్తుంది.

తర్వాత ఇంకో చిక్కు వస్తుంది. రంగు కలిపాక మొహం కాస్త పక్కకో కిందికో జరిగి కనిపిస్తుంది. రంగు కలిపే `seamlessClone`కి ఇచ్చే మధ్య బిందువు, అతికించే భాగాన్ని చూపే మాస్క్ చుట్టూ గీసిన పెట్టె మధ్య బిందువు కావాలి. పాయింట్ల సగటు ఇస్తే తేడా వస్తుంది.

```python
x, y, w, h = cv2.boundingRect(hull)
center = (x + w // 2, y + h // 2)
out = cv2.seamlessClone(warped, frame, mask,
                        center, cv2.NORMAL_CLONE)
```

మొహం ఫ్రేమ్ అంచు దాటితే ఇదే లైను ఎర్రర్‌తో ఆగిపోతుంది. కుర్చీ ఎక్కడ వేయాలో నేల మీద టేప్ అంటించు. కెమెరా 640×480లో పెట్టు, అంతకంటే పెద్దదైతే వీడియో నత్తనడక నడుస్తుంది. ప్రొజెక్టర్ వెలుగు మొహం మీద పడకుండా చూసుకో. పాయింట్లు పెట్టడానికి `dlib` వాడే `shape_predictor_68_face_landmarks.dat` ఫైలు ముందే దించుకో, కాలేజీ వైఫై మీద ఆధారపడకు. విండోస్‌లో `dlib` ఎక్కడానికి సీమేక్, సీ++ బిల్డ్ టూల్స్ అడుగుతుంది, అందుకే ఆ పని ఇవాళే మొదలుపెట్టు.

నస్రీన్
సీనియర్‌ని, ఇలాంటి సెషన్లు కొన్ని నడిపాను. ఎథిక్స్‌ని చివరి 15 నిమిషాలకు వదిలేయకు శ్రావణీ. అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోతారు. డెమోకి ముందే అడుగు: ఇవాళ ఎవరి మొహం వాడుతున్నాం, వాళ్లు ఒప్పుకున్నారా? నీదీ, నీ తోటి నిర్వాహకురాలిదీ వాడు. ఇద్దరూ ముందురోజే కాగితం మీద సంతకం చేయండి. డెమో అయ్యాక అందరి ముందూ ఫైళ్లు డిలీట్ చెయ్యి.

2023 నవంబరులో రష్మిక మందన్నది అంటూ తిరిగిన వీడియో తీసుకో. అందులో నిజంగా లిఫ్ట్‌లోకి వచ్చింది బ్రిటన్‌కు చెందిన వేరే అమ్మాయి. మొహం ఒకరిది, శరీరం ఇంకొకరిది. అంటే నష్టపోయింది ఇద్దరు, మనం మాట్లాడేది ఒక్కరి గురించే. ఆ వీడియో కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరులో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. ఇంజనీరింగ్ చదివినవాడు, ఫ్యాన్ పేజీకి ఫాలోవర్ల కోసం చేశాడని పోలీసులు చెప్పారు. మీ హాల్లో కూర్చునేవాళ్ల కంటే కొన్నేళ్లే పెద్ద, వాళ్ల చదువే. ఆ సంగతి చెబితే వింటారు.

కిరణ్
ఆడియెన్స్ నుంచి వాలంటీర్‌ని పిలిస్తే ఇంకా హుషారుగా ఉంటుంది కదా నస్రీన్ అక్కా? చెయ్యెత్తినవాళ్లనే పిలుస్తాం.

నస్రీన్
వందమంది ముందు ఫ్రెండ్స్ తోస్తుంటే ఫస్ట్ ఇయర్ అమ్మాయి "వద్దు" అనగలదా? పైగా ఆ క్లిప్ ఎవరి ఫోన్లోనో మిగిలిపోతుంది. నేనైతే ఒప్పుకోను.

రమణమూర్తి
ఈ ఒక్క విషయంలో నాది వేరే అభిప్రాయం. ముందురోజు పేరిచ్చి, ఒంటరిగా మాట్లాడినప్పుడు ఒప్పుకున్నవాళ్లయితే ఫర్వాలేదు.

పద్మజ
నాది వేరే ప్రశ్న, ఇక్కడ అడగవచ్చో లేదో. మా పిన్ని కూతురు లోన్ యాప్‌లో కొంచెం డబ్బు తీసుకుంది. కట్టడం ఆలస్యమైతే దాని ఫొటో అసభ్యంగా మార్చి కాంటాక్టులందరికీ పంపారు. భయపడి చాట్లన్నీ తీసేస్తానంటోంది. ఈ 68 పాయింట్లతో అది నకిలీ అని తేల్చవచ్చా?

నస్రీన్
పద్మజగారూ, ముందు ఆమెను చాట్లు తీసేయొద్దని చెప్పండి, అవే సాక్ష్యం. నంబర్లు, లింకులు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచండి. cybercrime.gov.in లో మహిళల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది. డబ్బు పోయి ఉంటే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆమెకు 18 నిండితే, ఇలాంటి ఫొటోలు వ్యాపించకుండా ఆపడానికి సాయపడే stopncii.org కూడా చూడండి. అక్కడ ఫొటో పైకి వెళ్లదు, దాని నుంచి తయారైన కోడ్ మాత్రమే వెళ్తుంది.

రమణమూర్తి
అమ్మా, ఆ పాయింట్లు మొహం ఎక్కడుందో చెబుతాయి, నకిలీయో కాదో చెప్పలేవు. ఫిర్యాదు చేయడానికి మీరు నకిలీ అని నిరూపించాల్సిన పనీ లేదు.

శ్రావణి
పద్మజగారూ, మీరు ఒప్పుకుంటే పేర్లు లేకుండా ఆ ఫిర్యాదు మెట్లు ఒక స్లైడ్‌లో పెడతాను. ఎథిక్స్‌ని డెమోకి ముందుకు జరుపుతున్నాను, వాలంటీర్లు వద్దు. సార్, ఒక్క ఫొటో టూల్ అసలు చూపించకూడదంటారా?

రమణమూర్తి
లైవ్‌గా వద్దు. మీ ఇద్దరి మొహాలతో ముందే చేసిన చిన్న క్లిప్ చూపించు. అలాంటి టూల్స్‌లో చాలా చోట్ల కనిపించే `inswapper_128` మోడల్ 128×128 పిక్సెల్స్ మొహమే తయారుచేస్తుంది. దగ్గరికి జూమ్ చేస్తే చర్మం నున్నగా, వెంట్రుకలు మసకగా కనిపిస్తాయి. ఇంకో మోడల్‌తో పదును పెడితే ఆ తేడా చాలావరకు మాయమవుతుంది, అదీ చెప్పు.

నస్రీన్
క్లిప్ కూడా వద్దనే అంటాను. టూల్ పేరు తెలిస్తే చాలు, ఆ రాత్రే హాస్టల్లో మొదలుపెడతారు.

శ్రావణి
పేరు చెప్పకుండా క్లిప్ మాత్రం చూపించే ఆలోచనలో ఉన్నాను, మా ఫ్యాకల్టీ మేడంను కూడా అడుగుతాను. ఇంకోటి సార్, మొహానికి అడ్డంగా చెయ్యి పెడితే వేళ్ల మీద కూడా మొహం అతుక్కుంటోంది. దీన్ని సరిచేయాలా?

రమణమూర్తి
సరిచేయకు. చెయ్యి వెనక మొహం ఎక్కడుండాలో పాయింట్లు ఊహించుకుంటాయి, చెయ్యి అడ్డొచ్చిందని ఈ పద్ధతికి తెలియదు. డెమోలో కావాలనే చెయ్యి అడ్డం పెట్టు. వీడియో కాల్‌లో అనుమానం వస్తే ఇలా చేయమనేది ఇందుకేనని చెప్పు. కొత్త టూల్స్ కొన్ని చేతిని వేరుచేసి చూడగలవు కాబట్టి, తేడా కనిపించనంత మాత్రాన అసలు మనిషేనని నమ్మొద్దని కూడా అప్పుడే చెప్పెయ్యి.